పులిహోరలో గోధుమ ఎక్కడిది?

*అక్కా, నమస్తే. మాది బరంపురం. నాన్న మొదలుపెట్టిన క్యాటరింగ్ ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. వచ్చే నెల ఒక గృహప్రవేశానికి 180 మందికి మధ్యాహ్నం భోజనం ఒప్పుకున్నాం. ఆ ఇంటి మనవడికి ఆరేళ్లు, జీడిపప్పు పడదట. అల్లుడి తల్లికి సీలియాక్ అట, గోధుమలాంటి వాటిలో ఉండే గ్లూటెన్ పడదట. ఏ వంటలో నట్స్, పాలు, గ్లూటెన్, గుడ్డు ఉన్నాయో చార్టు ఇవ్వమన్నారు. ఒక పట్టిక గీసి టిక్కులు పెట్టాను, ఫోటో పంపుతున్నాను. మా వంటమేస్త్రి ఒడియా ఆయన. ‘రోజూ చేసేవే కదా, దీనికి చార్టేంటి’ అంటాడు. ఇది ఇచ్చేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.*

తమ్ముడూ,

ఫోటో పెద్దది చేసి చూశాను. పది వంటలు, నాలుగు వరుసలు, మొత్తం నలభై గళ్లు. పన్నెండింటిలో టిక్కు పెట్టావు, ఇరవై ఎనిమిది వదిలేశావు. టిక్కుల్లో పెద్ద తప్పేమీ లేదు. నాకు భయం వేసింది ఆ ఖాళీ గళ్లను చూసే. పులిహోర ఎదురుగా గ్లూటెన్ గడి ఖాళీగా ఉంది. ఆ పెద్దావిడ అది చూసి ‘ఇందులో గోధుమ లేదన్నమాట’ అనుకుని రెండుసార్లు వడ్డించుకుంటుంది. నువ్వేమో అక్కడ గోధుమ ఉందా లేదా అని అసలు ఆలోచించనే లేదు. చూసి లేదని తేల్చిన గడీ, చూడకుండా వదిలేసిన గడీ చదివేవాళ్లకు ఒకేలా కనిపిస్తాయి.

అందుకని ముందు ఆ టిక్కులు చెరిపెయ్. ప్రతి గడిలో ఒక మాట రాయి. వంటలో వేస్తే ‘ఉంది’. వేయం, తగిలే దారి కూడా లేదని నువ్వు చూసుకుంటే ‘లేదు’. వేయం కానీ నూనె వల్లో, గరిటె వల్లో, పిండిమర వల్లో తగిలే వీలుంటే ‘తాకొచ్చు’. ఇంకా తేలనివాటికి పెన్సిల్‌తో ‘అడగాలి’ అని రాసుకో. కస్టమర్ చేతికి వెళ్లే కాగితంలో ‘అడగాలి’ ఒక్కటి కూడా మిగలకూడదు.

ఇంక పులిహోర సంగతి. నువ్వు వంట పేరు చూసి గుర్తు పెట్టావు. పులిహోర అనగానే వేరుశనగ గుళ్లు కళ్ల ముందుకొస్తాయి కాబట్టి నట్స్ దగ్గర టిక్కు పెట్టి ముందుకెళ్లిపోయావు. మనలో చాలామంది చేసేది అదే. కానీ చార్టు వంట పేరు నుంచి పుట్టదు, స్టోర్ గదిలో ఉన్న డబ్బాల నుంచి పుడుతుంది. మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, పులిహోరకి గంగాళంలో పడే ప్రతి వస్తువూ చెప్పించి రాసుకో. బియ్యం, చింతపండు, పసుపు, ఉప్పు, నూనె, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, కరివేపాకు, వేరుశనగ గుళ్లు, ఇంగువ. పదమూడు. ఇప్పుడు ఒక్కొక్క డబ్బా దగ్గరికీ వెళ్లి లేబుల్ చదువు.

పదమూడోది చేతిలోకి తీసుకో. మనం కొనే ఇంగువ అసలు ఇంగువ కాదు. అసలుది ఒక మొక్క వేరు నుంచి కారే పాలు గడ్డకట్టిన బంక. దాన్ని అలాగే వేస్తే ఆ ఘాటుకి ఎవరూ తినలేరు. అందుకని తుమ్మబంక, పిండి కలిపి పలచన చేసి అమ్ముతారు. ఆ పిండి కొన్ని కంపెనీలకి బియ్యప్పిండి, చాలా కంపెనీలకి మైదా లేదా గోధుమపిండి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనకి కనిపించేది చిటికెడు పొడి, సీలియాక్ ఉన్నవాళ్లకి అది గోధుమ. పులిహోరలో, సాంబారులో, నీ మెనూలోని దద్దోజనం తాలింపులో మూడు చోట్లా అదే డబ్బా. ‘ఇంత గంగాళానికి అంత కొంచెమేగా’ అని మేస్త్రి అంటాడు. ఎంత కొంచెమో లెక్కలు వేస్తూ ఆయనతో వాదించకు. బియ్యప్పిండి కలిపిన ఇంగువ పెద్ద కిరాణా దుకాణాల్లో దొరుకుతుంది, ధర తేడా కూడా పెద్దగా ఉండదు. దొరక్కపోతే ఆ రోజుకి ఇంగువ లేకుండా చెయ్. ఇంగువ లేని పులిహోర తిని కోప్పడిన అతిథిని నేనింకా చూడలేదు.

సాంబారు పొడి ప్యాకెట్ కొంటుంటే అదీ చదువు. లోపల మళ్లీ ఇంగువ ఉంటుంది, ఆ ఇంగువలో మళ్లీ పిండి. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద కొన్ని పదార్థాలను ‘కంటెయిన్స్’ అని విడిగా చెప్పాలని మన ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల్లో ఉంది. ఆ జాబితాలో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్యలు పీతల జాతి, వేరుశనగ, చెట్టుగింజలు, సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్ ఉన్నాయి. ‘మే కంటెయిన్’ అని ఉంటే అదే ఫ్యాక్టరీలో ఆ సరుకు కూడా తిరుగుతోందని అర్థం, అది నీ చార్టులో ‘తాకొచ్చు’ అవుతుంది. నువ్వులు, ఆవాలు మన జాబితాలో లేవు. ఒడిశాలో పప్పు, కూరగాయలు కలిపి వండే డాల్మా పంచఫుటణ తాలింపు లేకుండా దిగదు, ఆ తాలింపులో ఆవాలు ఉంటాయి. కాబట్టి ఎవరైనా ఆవాలు పడవని అంటే ‘కంటెయిన్స్’ వాక్యం చూసి ఊరుకోకు, పదార్థాల పట్టిక మొత్తం చదవాలి.

ఇప్పుడు నీ వరుసల పేర్లు. ఇది మన సరిహద్దు ఊళ్లకే ఉన్న గొడవ, నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. నాలుగేళ్ల కిందట పర్లాకిమిడిలో ఒక నామకరణానికి వండుతున్నాం. ఒక అమ్మాయికి బాదం పడదన్నారు. నేను వంటశాలలోకి వెళ్లి సగం తెలుగు, సగం ఒడియాలో ‘పాయసంలో బాదం వేయొద్దు’ అని గట్టిగా చెప్పి వచ్చాను. వడ్డనకి ముందు మూత తీసి చూస్తే పైన సన్నగా తరిగిన బాదం పలుకులు తేలుతున్నాయి. కుర్రాడిని పిలిస్తే బిక్కమొహం వేశాడు. ‘బాదం వద్దన్నారుగా, తీసేశాను’ అని పక్కన గిన్నె చూపించాడు. అందులో వేరుశనగ గుళ్లు ఉన్నాయి. పులిహోరలోంచి ఏరేశాడు పాపం.

తప్పు వాడిది కాదు. ఒడియాలో వేరుశనగ చినాబాదం, మాటల్లో ఉత్త బాదం. జీడిపప్పుని కూడా కాజుబాదం అనేవాళ్లున్నారు. మనకి బాదం అంటే బాదం ఒక్కటే. ఇటు తెలుగులోనూ ఇబ్బంది ఉంది. శనగపిండి వేరు, వేరుశనగ వేరు. కంగారులో రాస్తే ఆ ‘వేరు’ ఎగిరిపోతుంది. అలాగే ఖీర అంటే నీ మేస్త్రికి పాలు, మన పిల్లలకి ఖీర్ అంటే పాయసం, కూరగాయల కొట్లో కీరా అంటే దోసకాయ.

గోధుమ దగ్గర కూడా జాగ్రత్త. గ్లూటెన్ అనే మాట వంటశాలలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఆ వరుసకి ‘గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బార్లీ’ అని పెట్టు. ఉత్త ‘రవ్వ’ అని రాయకు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది. ఒడియా వాళ్లు సూజీ అనేది ఈ బొంబాయి రవ్వనే.

‘నట్స్’ అనే ఒక్క వరుసని రెండుగా చీల్చు. ఒకటి వేరుశనగ, అంటే చినాబాదం. రెండోది చెట్టుగింజలు, అంటే జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోటు. వేరుశనగ పప్పుజాతి, భూమిలో కాస్తుంది. జీడిపప్పు చెట్టుకి కాస్తుంది. ఒకటి పడనివాళ్లకి రెండోది పడొచ్చు, పడకపోనూవచ్చు. ఆ పిల్లవాడి తల్లిని ఫోన్‌లో అడుగు, ‘వేరుశనగ తింటాడా’ అని. తింటాడంటే వాడికి పులిహోర పెట్టొచ్చు. ఒకే వరుసలో టిక్కు పెడితే ఊరికే వాడిని మాన్పించినట్టవుతుంది. పిస్తా సంగతీ అడుగు. జీడిపప్పు, పిస్తా ఒకే కుటుంబం మొక్కలు. ఒకటి పడనివాళ్లలో ఎక్కువమందికి రెండోది కూడా పడదు. జీడిపప్పు మానేసి ఒడియా స్వీటు ఛెనాపోడ మీద పిస్తా చల్లాం అంటే కుదరదు.

వరుసల పైన రెండు భాషల్లో పేర్లు రాసి, దాని కింద ఆ గింజ ఫోటో అతికించు. కుర్రాళ్లందరికీ చదువు రాకపోయినా కళ్లున్నాయి.

ఇక గారెలు. నీ చార్టులో గారెల వరుస మొత్తం ఖాళీ. మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి, ఉప్పు, అంతే కదా అనుకున్నావు. వస్తువుల లెక్కలో నువ్వు సరే. కానీ మేస్త్రిని రెండు అడుగు. పిండి పలచబడితే ఏం కలుపుతావు అని మొదటిది. చాలామంది ఒక గుప్పెడు బియ్యప్పిండి వేస్తారు, కొందరు బొంబాయి రవ్వ, చేతికి మైదా దగ్గరగా ఉంటే మైదా. ఆ గుప్పెడు ఏ రెసిపీలోనూ ఉండదు, ఎవరూ చెప్పరు, ఎందుకంటే దాన్ని వాళ్లు పదార్థంగా లెక్కపెట్టరు. రెండోది, గారెలు ఏ మూకుడులో వేయిస్తావు అని. మెనూలో గోబీ మంచూరియా ఉంది. దాని పైపూత మైదా, కార్న్‌ఫ్లోర్. అది వేగిన నూనెలో అడుగున మైదా పూసలు నల్లగా మిగిలి ఉంటాయి. అదే నూనెలో గారెలు వేస్తే ఆ పూసలు అంటుకునే పైకి వస్తాయి. నూనె వేడికి గోధుమ ప్రొటీన్ మాయమైపోదు.

దీనికి ఖర్చు లేని మందు, వరుస మార్చడం. కొత్త నూనెలో ముందు గారెలు, ఆ తర్వాత గోబీ. అప్పుడు గారెలకి గోబీ నూనె తగిలే దారి ఉండదు. నూనె కొత్తదేనా అన్నది మాత్రం నిలదీసి అడగాలి. ముందు రోజు చికెన్ పకోడీ ఆర్డర్ ఉండి, ఆ పిండిలో గుడ్డు కొట్టి, వడకట్టిన నూనె డబ్బాలో పోసి దాచి ఉంటే, శాకాహార గృహప్రవేశంలో నీ గుడ్డు వరుస మొత్తం ‘తాకొచ్చు’ అయిపోతుంది. మన లైన్‌లో నూనె దాచని ఇల్లు లేదు, నాకు చెప్పక్కర్లేదు. ఆ రోజుకి మాత్రం దాచిన డబ్బా వంటశాలలోకి రానివ్వకు.

గోబీ మంచూరియాలో మైదా తీసేసి బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్ వాడితే అది గోధుమ లేని వంట అవుతుందని నీకొక ఆలోచన రావచ్చు. అవదు. సోయా సాస్‌ని సాధారణంగా సోయాతో పాటు గోధుమ కలిపి పులియబెడతారు. సీసా తిప్పి చూడు. గోబీని ‘ఉంది’ అనే వదిలేసి ఆవిడకి వేరే కూర పెట్టడం నయం.

పనీర్ కూర దగ్గర ఎక్కువసేపు ఆగాలి, పిల్లవాడికి అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. పాయసంలో జీడిపప్పు పైకి కనిపిస్తుంది, తల్లి చూసి తీసేస్తుంది. పనీర్ గ్రేవీలో అది నానబెట్టి రుబ్బి కలిపేసి ఉంటుంది. చూపుకి తెలియదు, మసాలా ఘాటులో రుచికీ తెలియదు. పలాస పక్కనే ఉండటంతో మన వైపు జీడిముక్క అందుబాటు ధరకి దొరుకుతుంది, గ్రేవీ చిక్కబడాలంటే మన మేస్త్రీల చెయ్యి అటే పోతుంది. ఉల్లిపాయ కూరల్లో, కుర్మాల్లో కూడా వేస్తారు. గుత్తివంకాయ కారంలో ఏం రుబ్బుతున్నాడో కూడా అడుగు. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి అంటాడు. ఒక్కోసారి మిగిలిన జీడిముక్క కూడా అందులోకే పోతుంది.

పైగా ఈ పేస్టు రోజుకో రకంగా మారుతుంది. జీడిపప్పు ధర పెరిగితే సగం వేరుశనగ కలుపుతారు, లేదా దోసగింజల పప్పు కలుపుతారు. వాళ్ల దృష్టిలో చిక్కదనం ఒకటే కాబట్టి చెప్పాలని కూడా తోచదు. నెల రోజుల ముందు నువ్వు రాసిన చార్టు ఆ పొద్దున్న పది గంటలకి అబద్ధం అయిపోయేది ఇలాగే.

ఈ ఆర్డర్‌కి నా సలహా, పనీర్ కూరలో జీడిపప్పు పూర్తిగా మానెయ్. పిల్లవాడికి విడిగా చేయడం కాదు, 180 మందికీ మానెయ్. ఉల్లిపాయ, టమాటా బాగా వేయించి రుబ్బి, దోసగింజల పప్పు నానబెట్టి కలుపు. రంగు, చిక్కదనం రెండూ వస్తాయి. దోసగింజల ప్యాకెట్ మీద కూడా ‘మే కంటెయిన్’ ఉందేమో చూడు, అవి ప్యాక్ చేసే చోట జీడిపప్పు కూడా ప్యాక్ చేస్తారు. ఉంటే అవీ వద్దు, పాలమీగడతో సరిపెట్టు. పాయసంలోనూ జీడిపప్పు బదులు కిస్‌మిస్, ఎండుకొబ్బరి పలుకులు వేయించి వెయ్. కొబ్బరిని చెట్టుగింజల్లో లెక్కపెట్టరు, అయినా తల్లిని ఒక మాట అడుగు. ఆ రోజు వంటశాలలో జీడిపప్పు సంచే లేకపోతే గరిటెలు, మిక్సీ జార్లు, చేతులు అన్నీ కాపలా కాయక్కర్లేదు. మిక్సీ జార్ రబ్బరు కింద, బ్లేడు అడుగున పేస్టు ఎంత కడిగినా ఇరుక్కునే ఉంటుంది, అది నువ్వే విప్పి చూసుకో.

గోధుమని అలా పూర్తిగా వెళ్లగొట్టలేవు. సేమియా, మైదా వచ్చే వంటశాలలో పిండి గాలిలో లేస్తుంది, నేల మీద, మూతల మీద పడుతుంది. అందుకే చార్టు మీద ఎక్కడా ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయకు. ఆ మాటకి మన నిబంధనల్లో ఒక కొలత ఉంది, కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. పరీక్ష చేయించకుండా నువ్వూ నేనూ ఆ మాట వాడలేం. ‘గోధుమ వేయలేదు, ఇదే వంటశాలలో మైదా వాడతాం’ అని రాయి. అది చదివి ఆవిడ తనకి ఏది సరిపోతుందో తేల్చుకుంటుంది. ఆ జబ్బుతో బతుకుతున్న మనిషికి మనకంటే ఎక్కువే తెలుసు.

ఇంకో చిన్న విషయం, బియ్యప్పిండి. వీధి చివర మరలో ఆడించిన పిండి వాడకు. నీకు ముందు ఎవరో పది కిలోల గోధుమలు ఆడించి ఉంటారు, మరలో మిగిలింది నీ సంచిలోకి వస్తుంది. ప్యాకెట్ పిండి, అదీ లేబుల్ చూసి తీసుకో, లేదా బియ్యం నానబెట్టి ఇంట్లో రుబ్బుకో. శనగపిండికీ ఇదే మాట.

ఛెనాపోడ మీరు చేయరు, స్వీటు షాపు నుంచి తెప్పిస్తారు కదా. నీ చార్టులో పాల దగ్గర మాత్రమే టిక్కు ఉంది. ఛెన పాలదే. కానీ అది గట్టిగా నిలవడానికి సూజీ కలుపుతారు, పైన జీడిపప్పు, కిస్‌మిస్ కూడా పెడతారు. విడిగా తూచి అమ్మే మిఠాయికి లేబుల్ ఉండదు, కౌంటర్ మీద ఉన్న కుర్రాడికి తెలియదు. లోపలికి వెళ్లి చేసే మనిషినే అడగాలి. వాళ్లు జీడిపప్పు లేకుండా చేస్తామన్నా, కాజూ బర్ఫీ కోసిన కత్తితోనే దాన్ని ముక్కలు కోస్తారు. పోడ పోడగా, కోయకుండా తెప్పించుకుని నీ కత్తితో నువ్వు కోసుకో. అయినా ఆ గడిలో ‘తాకొచ్చు’ అనే రాయి, షాపు లోపల ఏం జరిగిందో నువ్వు చూడలేదు కదా.

పాల వరుసలో నెయ్యిని మరిచిపోయావు. డాల్మా మీద చివర్లో వేసే నెయ్యి, సాంబారులో వేసే చెంచాడు, గారెల పిండిలో ఎవరైనా వేసే పెరుగు, అన్నీ పాల కిందికే వస్తాయి. పాలు అరగని వాళ్లు నెయ్యి తినగలరు, పాల అలర్జీ ఉన్నవాళ్లకి నెయ్యిలో మిగిలే కొంచెం ప్రొటీన్ చాలు. ఎవరికి ఏముందో మనకి తెలియదు, అందుకని నెయ్యి పడితే ‘ఉంది’.

ఇన్ని మాటల తర్వాత నీ చార్టులో నాలుగు వంటలు ఇప్పుడున్న పద్ధతిలో చేస్తే ఎలా ఉంటాయో రాసి చూపిస్తాను.

| వంట | వేరుశనగ (చినాబాదం) | చెట్టుగింజలు (కాజు, బాదం, పిస్తా) | పాలు, నెయ్యి, పెరుగు | గోధుమ, మైదా, బొంబాయి రవ్వ | గుడ్డు |
|---|---|---|---|---|---|
| పులిహోర | ఉంది | లేదు | లేదు | ఉంది: ఇంగువ | లేదు |
| గారెలు | లేదు | లేదు | అడగాలి: పెరుగు | తాకొచ్చు: గోబీ నూనె; అడగాలి: కలిపే పిండి | అడగాలి: దాచిన నూనె |
| పనీర్ కూర | అడగాలి: పేస్టు | ఉంది: జీడిపప్పు | ఉంది | అడగాలి: మసాలా పొడి | లేదు |
| ఛెనాపోడ | అడగాలి: షాపు | ఉంది | ఉంది | ఉంది: సూజీ | అడగాలి: షాపు |

చూశావా, పేరు చూస్తే తెలియని చోట పక్కన దేనివల్లో రాశాను. ఇది కస్టమర్ కోసం కాదు, నీ కోసం. ఇంగువ మార్చగానే పులిహోర గోధుమ గడిలో ‘ఉంది’ పోయి, అదే వంటశాలలో మైదా వాడతాం కాబట్టి ‘తాకొచ్చు’ అవుతుంది. కారణం రాసి ఉంటే ఏ డబ్బా మారిస్తే ఏ గడి మారుతుందో తెలుస్తుంది. లేకపోతే ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మార్పులన్నీ చేశాక ఆఖరి కాగితం వేరే రాసి, తేదీ వేసి అది మాత్రమే వాళ్లకి ఇవ్వు.

ఇక ఆ రోజు పొద్దున్న. సరుకు మార్చాల్సి వస్తే, అది పసుపైనా సరే, ఒక్క మనిషికి చెప్పాలి. ఆ మనిషి నువ్వే అవ్వు, వేరే ఎవరికీ వదలకు. ‘ఇంగువ అయిపోయింది, పక్క కొట్టు నుంచి తెచ్చాం’ అనే మాట నీ చెవిన పడకపోతే నెల రోజుల పని బూడిదలో పోసిన పన్నీరే. నేనైతే స్టోర్ తాళం నా దగ్గర పెట్టుకుని, కొనుక్కొచ్చిన ప్రతి కొత్త ప్యాకెట్ నా చేతి మీదుగానే లోపలికి పంపుతాను. మేస్త్రికి మొదట్లో చిన్నతనంగా అనిపిస్తుంది. ‘నిన్ను నమ్మకపోవడం కాదు బాబూ, కంపెనీ వాణ్ణి నమ్మను’ అని చెప్పు.

ఆ ఇద్దరికీ వడ్డన పంక్తిలో వద్దు. బకెట్లు మారినా గరిటెలు మారవు, గోబీ గరిటె డాల్మాలో పడటం నీ కళ్ల ముందే జరుగుతుంది. వాళ్లిద్దరి భోజనం అన్నింటికంటే ముందు, గంగాళాల్లోంచి మొదటి గరిటెగా తీసి మూతలున్న క్యారియర్లలో పెట్టి పేరు రాసి పక్కన పెట్టు. ఆవిడకి పులిహోర, డాల్మా, గారెలు, వంకాయ, దద్దోజనం అయితే చాలు, కడుపు నిండుతుంది. వాటిని ఇచ్చే మనిషి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ క్రిములకి పనికొస్తుంది, చేతికి అంటిన జీడిపప్పు ప్రొటీన్‌ని అది తీయదు.

తల్లిని ఇంకొక మాట అడుగు. పిల్లవాడికి డాక్టరు ఇంజెక్షన్ ఏదైనా రాశారా, ఆ రోజు అది ఎవరి సంచిలో ఉంటుంది అని. పెదవులు వాచడం, ఒంటి మీద దద్దుర్లు, గొంతు బొంగురుపోవడం, ఊపిరి అందకపోవడం, వరసగా వాంతులు. వీటిలో ఊపిరి, గొంతు సంగతి కనిపిస్తే మజ్జిగ తాగించడం, అలర్జీ మాత్ర వేసి చూద్దామనడం కుదరదు. ఇంజెక్షన్ ఉంటే వెంటనే వేయించి, 108కి ఫోన్ చెయ్యాలి. వడ్డించే కుర్రాళ్లందరికీ ఇది ముందే చెప్పు.

మేస్త్రి ‘దీనికి చార్టేంటి’ అంటున్నాడు కదా. ఆయన చేత పులిహోర డబ్బాలు తీయించి ఇంగువ డబ్బా వెనకది ఆయనకే చదివి వినిపించు. ఆఖరి కాగితం తయారయ్యాక ఇంకోసారి ఫోటో పంపు. ముఖ్యంగా డాల్మా వరుస చూడాలి, కూరగాయలు తప్ప ఇంకేం వేస్తాడో నీ ఉత్తరంలో రాయలేదు.